గొడ్డలి వీడియోతో వచ్చిన 24,000 మంది తర్వాతి వీడియోలు చూస్తున్నారా? ఒక ప్రాజెక్టు డైరీ

సోమవారం

మిత్రుడి వడ్రంగం ఛానల్‌కు లెక్కలు చూసిపెట్టడం నా పని. కట్టెపని, చిత్రిక పట్టడం, రంపానికి పదును పెట్టడం వంటివన్నీ అతను మాట్లాడుతూ వివరించే వీడియోలు చేస్తాడు. మధ్యలో ఒకసారి సరదాకు, ఒక్క మాట లేకుండా, తుప్పు పట్టిన పాత గొడ్డలిని బాగుచేసే వీడియో పెట్టాడు. అది రెండు నెలల్లో 19 లక్షల వ్యూస్ దాటింది. 12,000 మంది ఉన్న ఛానల్ 40,000కు చేరింది. అయినా కొత్తగా పెట్టే మామూలు వీడియోల వ్యూస్ చూస్తే ఇంత మంది వచ్చి చేరినట్టే అనిపించదు. "వీళ్లంతా ఎక్కడికి పోయారో లెక్క తేల్చు" అన్నాడు.

దీనికి కోహార్ట్ విశ్లేషణ కావాలి. అంటే ఒకే కారణంతో, ఒకే కాలంలో చేరినవారిని ఒక జట్టుగా తీసుకుని, ఆ తర్వాత వారు ఏం చేశారో వరసగా చూడటం. సొంత యాప్ నడిపేవారికి ఇది తేలిక. ప్రతి వినియోగదారుడికీ ఒక సంఖ్య ఉంటుంది, చేరిన తేదీ ఉంటుంది, వాటి ఆధారంగా పట్టిక దానంతటదే వస్తుంది. యూట్యూబ్‌లో ఆ వీలు లేదు. ఏ సబ్‌స్క్రైబర్ ఏ వీడియో చూశాడో ఛానల్ యజమానికి చెప్పదు, చెప్పకూడదు కూడా. గొడ్డలి వీడియోతో చేరినవారు వేరుగా, పాతవారు వేరుగా కనిపించే నివేదిక యూట్యూబ్ స్టూడియోలో ఎంత వెతికినా దొరకదు. కాబట్టి జట్టును నేరుగా చూడలేం. దాని జాడ ఎక్కడ పడుతుందో వెతకాలి. ఈ పని అంతా ఆ వెతుకులాటే.

మంగళవారం

ముందు జట్టు పరిమాణం. గొడ్డలి వీడియో పేజీ నుంచి చేరినవారు 24,000. అదే కాలంలో ఛానల్ మొత్తానికి చేరినవారు దాదాపు 29,000. మామూలు రోజుల వేగంతో లెక్కిస్తే రెండు నెలలకు 800 మంది చేరేవారు. మిగిలిన నాలుగు వేల పైచిలుకు ఎవరు?

జవాబు యూట్యూబ్ లెక్కించే పద్ధతిలో ఉంది. వీడియోవారీగా అడిగినప్పుడు, ఆ వీడియో చూసే పేజీలోనే సబ్‌స్క్రైబ్ నొక్కినవారిని మాత్రమే ఆ వీడియో ఖాతాలో వేస్తుంది. గొడ్డలి చూసి, ఛానల్ పేజీకి వెళ్లి అక్కడ నొక్కినవాడు వీడియో లెక్కలోకి రాడు. అంటే అసలు జట్టు 24,000కూ 28,000కూ మధ్య ఎక్కడో ఉంది. నేను 24,000నే పట్టుకుంటాను. ఆ సంఖ్యకు ఆధారం ఉంది, దాన్ని దేశాలవారీగా విడగొట్టవచ్చు కూడా. పెద్ద సంఖ్య తీసుకుంటే కింద వచ్చే శాతాలు మరికొంచెం తగ్గుతాయి తప్ప కథ మారదు.

తర్వాత వ్యూస్. దీనికి యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐలో `subscribedStatus` అనే విభజన ఉంది. ఒక్కో వీడియోకు ఒక్కో దేశానికి ఇలా అడుగుతున్నాను:

```
ids=channel==MINE
metrics=views
dimensions=day,subscribedStatus
filters=video==VIDEO_ID;country==CC
```

(`startDate`, `endDate` ఎలాగూ ఇవ్వాలి.) ఈ విభజనను వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ వ్యూ జరిగిన క్షణంలో చూసే వ్యక్తి సబ్‌స్క్రైబరా కాదా అన్నదే ఇది చెబుతుంది. ఉదయం గొడ్డలి వీడియో చూసి, అక్కడే సబ్‌స్క్రైబ్ నొక్కి, వెంటనే రంపం వీడియో చూసినవాడిని తీసుకోండి. అతని మొదటి వ్యూ `UNSUBSCRIBED` కింద, రెండోది `SUBSCRIBED` కింద పడతాయి. కనుక గొడ్డలి వీడియోకు వచ్చిన సబ్‌స్క్రైబర్ల వ్యూస్ చూసి ఏమీ తేల్చలేం. తర్వాత పెట్టిన వీడియోల మీదే చూడాలి.

ప్రతి వీడియోకూ విడుదల రోజుతో కలిపి మొదటి ఏడు రోజుల వ్యూస్ తీసుకున్నాను. ఏపీఐ దృష్టిలో రోజు అంటే అమెరికా పసిఫిక్ కాలమానంలో రోజు. మిత్రుడు ఎప్పుడూ ఒకే వేళకు వీడియో పెడతాడు కాబట్టి మొదటి రోజు వాటా అన్నిటికీ సమానంగానే ఉంటుంది. వేళాపాళా లేకుండా పెట్టే ఛానల్ అయితే ఇక్కడే లెక్క వంకర పోతుంది.

బుధవారం

మొదటి లెక్క మోటుగానే వేశాను. గొడ్డలికి ముందు పెట్టిన ఎనిమిది మామూలు వీడియోలకు ఏడు రోజుల్లో సబ్‌స్క్రైబర్ల నుంచి వచ్చిన వ్యూస్‌ను వరసలో పెడితే మధ్యన వచ్చే నడిమి విలువ 1,800. అప్పటి 12,000 మందికి ఇది నూటికి 15. గొడ్డలి తర్వాతి ఐదు మామూలు వీడియోలకు నడిమి విలువ 2,400. పాతవారు పాత పద్ధతిలోనే చూస్తున్నారనుకుంటే అదనంగా వచ్చినవి 600. దాన్ని 24,000తో భాగిస్తే నూటికి 2.5.

చాలామంది ఇక్కడితో ఆపేసి "వైరల్‌తో వచ్చినవారు దండగ" అనేస్తారు. నేను ఆపకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, పాతవారి తీరు మారలేదని ఊహించాను తప్ప చూడలేదు. రెండోది, ముందు ఎనిమిది వీడియోల వ్యూసే 1,500 నుంచి 2,150 దాకా ఊగాయి. ఇంత ఊగిసలాట ఉన్నచోట 600 తేడా ఏ ఒక్క వీడియోలోనైనా యాదృచ్ఛికంగానే రావచ్చు. ఐదింటిలోనూ ఒకే వైపు కనబడుతోంది కాబట్టి తేడా నిజమే అనుకుంటున్నాను. దాని కొలత మీద మాత్రం ఇంకా నమ్మకం లేదు.

గురువారం

పాతవారి సంగతి మొదట తేల్చాలి. "చూడని సబ్‌స్క్రైబర్లు పేరుకుంటే యూట్యూబ్ పాతవారికి కూడా మన వీడియోలు చూపించదు" అనే మాట ఛానళ్లు నడిపేవారి మధ్య తరచుగా వినిపిస్తుంది. అదే నిజమైతే నా 1,800 ఊహ కూలిపోతుంది. అప్పుడు పాతవారి వాటా తగ్గి, కొత్తవారి వాటా నేను అనుకున్నదానికన్నా ఎక్కువ అవుతుంది.

దీన్ని పరీక్షించడానికి గొడ్డలి వీడియో పెద్దగా చేరని చోటు ఒకటి కావాలి. దేశాలవారీగా సబ్‌స్క్రైబర్లను తీశాను:

```
metrics=subscribersGained,subscribersLost
dimensions=country
filters=video==VIDEO_ID
```

వీడియో ఫిల్టర్ తీసేసి ఛానల్ మొదలైన నాటి నుంచి అడిగితే, ఒక్కో దేశంలో మొత్తం ఎంతమంది మిగిలి ఉన్నారో కూడా వస్తుంది. అలా చూస్తే ఒక దేశంలో ముందు నుంచి 1,900 మంది ఉన్నారు. గొడ్డలి అక్కడ తెచ్చింది 60 మందిని మాత్రమే. ఆ దేశం నుంచి మామూలు వీడియోలకు సబ్‌స్క్రైబర్ వ్యూస్ ముందు 280 దగ్గర వచ్చేవి, తర్వాత 275 దగ్గర వస్తున్నాయి. పాతవారి తీరు కదలలేదు. ఒక ఛానల్‌లో, ఒక దేశంలో కనిపించిన సంగతి ఇది. దీనితో లోకం మొత్తానికి తీర్పు చెప్పను. ఈ ఛానల్‌కు మాత్రం 1,800 ఊహ నిలబడింది, నాకు అంతే చాలు.

శుక్రవారం

దేశాల జాబితా చేతిలోకి వచ్చాక అసలు దారి కనబడింది. గొడ్డలి వీడియోలో మాటలు లేవు కాబట్టి అది భాష హద్దులు దాటింది. ఛానల్ మాట్లాడే భాష తెలిసినవారు దాదాపు లేని దేశాల నుంచి కూడా జనం వచ్చి చేరారు. గొడ్డలికి ముందు ఆ దేశాలన్నిటిలో కలిపి ఛానల్‌కు ఉన్నది 300 మంది. గొడ్డలి తెచ్చింది 17,000 మంది. అంటే ఇప్పుడు ఆ దేశాల నుంచి వచ్చే సబ్‌స్క్రైబర్ వ్యూస్‌లో ఎక్కువ భాగం గొడ్డలి జట్టువే! పాతవారివని ఊహించి తీసివేయాల్సింది అక్కడ చాలా తక్కువ. నేను వెతుకుతున్న జాడ ఇదే.

ఇక దేశాలను రెండు కుప్పలు చేశాను. ముందు నుంచీ ప్రేక్షకులున్నవి పాత దేశాలు. గొడ్డలి జట్టులో 7,000 మంది అక్కడివారు. మిగిలినవి కొత్త దేశాలు. ఐదు మామూలు వీడియోల నడిమి విలువను ఇలా విడగొడితే:

| | గొడ్డలికి ముందు వ్యూస్ | తర్వాత వ్యూస్ | అదనం | జట్టులో మంది | నూటికి |
|---|---|---|---|---|---|
| పాత దేశాలు | 1,775 | 2,290 | 515 | 7,000 | 7.4 |
| కొత్త దేశాలు | 25 | 110 | 85 | 17,000 | 0.5 |

బుధవారం వచ్చిన 2.5 అనే సగటు ఎవరినీ వర్ణించదు. పాత దేశాల్లో చేరినవారు, అప్పటికే ఉన్న సబ్‌స్క్రైబర్లలో సగం ఉత్సాహంతో మామూలు వీడియోలు చూస్తున్నారు. నిజానికి ఇది మంచి ఫలితమే. కొత్త దేశాలవారు చూడటం లేదు. సగటు పడిపోవడానికి వీరి సంఖ్యే కారణం.

7.4 మీద ఒక కత్తిరింపు మిగిలి ఉంది. ఈ రెండు నెలల్లో మామూలుగా చేరే 800 మంది కూడా చేరే ఉంటారు, దాదాపు అందరూ పాత దేశాల్లోనే. వారు పాతవారిలాగే నూటికి 15 చొప్పున చూస్తారనుకుంటే 515లో 120 వ్యూస్ వారివి. మిగిలే 395ను 7,000తో భాగిస్తే 5.6. కాబట్టి పాత దేశాల జట్టుకు 5.6 నుంచి 7.4 అని రాసుకున్నాను. ఒకే అంకె చెప్పమని మిత్రుడు పట్టుపట్టాడు. కుదరదన్నాను.

శనివారం

ఇప్పటిదాకా చూసింది నడిమి విలువలే. కోహార్ట్ అన్నాక కాలక్రమంలో ఏం జరిగిందో కూడా చూడాలి. ఇక్కడ హారం విషయంలో జాగ్రత్త పడాలి. గొడ్డలి తర్వాత పెట్టిన మొదటి వీడియో నాటికి ఆ వెల్లువ ఇంకా సాగుతూనే ఉంది. పాత దేశాల జట్టులో అప్పటికి చేరినది 4,500 మందే. ఆ వీడియోను కూడా 7,000తో భాగిస్తే రేటు అన్యాయంగా తగ్గిపోతుంది, తగ్గుదల ఎంత వేగంగా ఉందో కనబడదు. అందుకే ప్రతి వీడియోకూ ఆ నాటి సంఖ్యనే హారంగా పెట్టాను.

పాత దేశాల జట్టులో మొదటి మామూలు వీడియోకు అదనపు వ్యూస్ 800, అంటే నూటికి దాదాపు 18. పాతవారికన్నా ఎక్కువ! కొత్త మోజు అని తెలుస్తూనే ఉంది. రెండో దానికి 6,000 మందిలో 600, నూటికి 10. మూడో దానికి 6,700 మందిలో 500, నూటికి 7.5. ఆ తర్వాత రెండూ 7.4, 7.0. దిగడం మొదటి రెండు వీడియోల మధ్యే ఎక్కువగా జరిగింది, మూడో దాని దగ్గర ఆగింది. ఆగిందన్నదే ముఖ్యం. దిగుతూనే ఉంటే ఈ 7 కూడా మరో నెలలో ఉండదనుకోవాలి. వరసగా మూడు వీడియోల్లో ఒకేచోట నిలిచింది కాబట్టి, ఆ జట్టులోంచి కొంతమంది ఛానల్ ప్రేక్షకులుగా స్థిరపడ్డారనవచ్చు.

సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకున్నవారి లెక్క ఇక్కడ పనికిరాదు. గొడ్డలి వీడియో పేజీ మీద రద్దు చేసుకున్నవారు కొన్ని వందలే. ఆసక్తి పోయినవారిలో చాలామంది రద్దు చేసుకోరు, ఊరికే చూడటం మానేస్తారు. రద్దు చేసుకునే కొద్దిమంది కూడా ఎక్కడో వేరేచోట నొక్కుతారు. తక్కువ రద్దులు చూసి జట్టు నిలిచిందని మురిసిపోవడానికి లేదు.

ఆదివారం

వ్యక్తుల స్థాయిలో ఒక్క జాడ మాత్రం బహిరంగంగానే దొరుకుతుంది, అవి వ్యాఖ్యలు. `commentThreads.list` ప్రతి వ్యాఖ్యతో పాటు `authorChannelId` ఇస్తుంది. పేర్లు ముట్టుకోలేదు. ఆ గుర్తులను గుర్తుపట్టలేని సంకేతాలుగా మార్చి, లెక్కించాక తీసేశాను. గొడ్డలి కింద తొలిసారి వ్యాఖ్య రాసినవారు 3,100 మంది. తర్వాతి ఐదు మామూలు వీడియోల్లో ఎక్కడైనా మళ్లీ రాసినవారు 40 మంది, అంటే నూటికి 1.3. పోలికకు, గొడ్డలికి చాలా ముందు పెట్టిన రంపం వీడియో తీసుకున్నాను. దాని కింద తొలిసారి రాసినవారు 210 మంది. వారిలో తర్వాతి ఐదు వీడియోల్లో మళ్లీ రాసినవారు 23 మంది, నూటికి 11.

వ్యాఖ్య రాసేవారంతా సబ్‌స్క్రైబర్లు కారు, సబ్‌స్క్రైబర్లంతా వ్యాఖ్యలు రాయరు. అందువల్ల ఈ అంకెలను పై పట్టికతో కలపను. కానీ వ్యూస్ లెక్కలో మొత్తం జట్టు పాతవారితో పోలిస్తే ఆరో వంతు ఉంది, ఇక్కడ ఎనిమిదో వంతు వచ్చింది. పూర్తిగా వేరే దారిలో వెళ్లినా దాదాపు అదే చోటికి చేరాం. పైగా ఈ పోలికలో ఒక న్యాయం ఉంది. పాత 12,000 మందిలో ఎప్పుడో చేరి చూడటం మానేసినవారు కూడా ఉన్నారు, వారితో కొత్తవారిని పోల్చడం సమంజసం కాదు. రంపం జట్టు కూడా అప్పుడే చేరినదే.

సోమవారం

ఇన్నాళ్లూ పక్కన పెట్టిన వీడియో ఒకటి ఉంది. గొడ్డలి తర్వాత నాలుగో వీడియోగా మిత్రుడు మాటలు లేకుండా తుప్పు పట్టిన ఉలిని బాగుచేసి పెట్టాడు. అది మామూలు వీడియో కాదు కాబట్టి పై లెక్కల్లో కలపలేదు. ఇప్పుడు దాన్ని చూశాను.

ఏడు రోజుల్లో సబ్‌స్క్రైబర్ల నుంచి 5,000 వ్యూస్. పాత దేశాల నుంచి 3,100, కొత్త దేశాల నుంచి 1,900. పాత దేశాల అంకెను నేను వాడను. ఉలి వీడియో పాతవారికి కూడా మామూలు కన్నా ఎక్కువ నచ్చి ఉండవచ్చు, విడదీయడానికి దారి లేదు. కొత్త దేశాల్లో ఆ చిక్కు లేదు. ఎప్పుడూ వచ్చే 25 తీసేసి 17,000తో భాగిస్తే నూటికి 11. మామూలు వీడియోలకు 0.5 ఉన్న జట్టే ఇది. ఒకటే జట్టు, ఒకటే నెల, ఇరవై రెట్ల తేడా.

ఈ 1,900లో ఉలి వీడియో చూసి అప్పుడే చేరినవారు ఉన్నారేమోనని చూశాను. కొత్త దేశాల నుంచి అది తెచ్చిన సబ్‌స్క్రైబర్లు 600. వారి మొదటి వ్యూ `UNSUBSCRIBED` కిందే పడుతుంది. ఆ వారంలోనే అదే వీడియోను రెండోసారి చూసినవారు మాత్రమే నా లెక్కను ఉబ్బిస్తారు. 600 మందిలో వంద మంది మళ్లీ చూశారనుకున్నా 11 కాస్తా 10 అవుతుంది, అంతకు మించి మారదు.

ఆ వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయన్నది ఇంకా ఆసక్తికరం. కొత్త దేశాల సబ్‌స్క్రైబర్ వ్యూస్‌ను `insightTrafficSourceType` వారీగా విడగొడితే, మామూలు వీడియోల 110లో ఎక్కువ భాగం `NOTIFICATION` నుంచి వచ్చింది. ఉలి వీడియోకు దాదాపు ముప్పావు వంతు `SUBSCRIBER` నుంచి వచ్చింది. ఈ రెండో పేరు చూసి సబ్‌స్క్రిప్షన్ల జాబితా అనుకోకూడదు. యూట్యూబ్ హోమ్ పేజీలో కనిపించేవి కూడా ఇందులోనే పడతాయి. దీన్నిబట్టి నా అంచనా ఇలా ఉంది. మాటల వీడియోలు వారి హోమ్ పేజీలోకి పెద్దగా రావడం లేదు, వచ్చినా నొక్కడం లేదు. ఉలి వచ్చింది, నొక్కారు. ఈ రెంటిలో ఏది ముందో ఈ గణాంకాల నుంచి విడదీయలేను.

అంటే ఆ 17,000 మంది చనిపోయిన ఖాతాలూ కారు, ఛానల్‌కు ప్రేక్షకులూ కారు. వారు చేరింది గొడ్డలి తరహా వీడియోల కోసం. మిత్రుడికి చెప్పగానే "అయితే వారానికొకటి తుప్పు వదిలిద్దామా?" అన్నాడు. అంత తొందర వద్దన్నాను. ఉలి ఒక్కటే వీడియో. గొడ్డలి వేడి ఇంకా చల్లారకముందే వచ్చింది, పాత దేశాల్లో మొదటి మామూలు వీడియోకు కూడా 18 వచ్చి తర్వాత 7కు దిగిన సంగతి చూశాం.

బుధవారం

రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ప్రకటనదారులకు పంపే కాగితంలో 40,000 అనే అంకె పక్కన, మామూలు వీడియోకు ఏడు రోజుల్లో సబ్‌స్క్రైబర్ల నుంచి వచ్చే 2,400 కూడా రాయాలన్నది ఒకటి. మిత్రుడికి ఇది నచ్చలేదు, ఒప్పుకున్నాడు. రెండోది, మాటలు లేని బాగుచేత వీడియోలు నెలకొకటి చొప్పున మూడు పెడతాం. వాటి మధ్య మాటల వీడియోలు యథావిధిగా నడుస్తాయి. ఇంకో ఛానల్ తెరిచి వీటిని అక్కడ పెట్టాలన్న ఆలోచనను పక్కన పెట్టాం. సబ్‌స్క్రైబర్లను ఒక ఛానల్ నుంచి ఇంకోదానికి తరలించే వీలు లేదు, 17,000 మందీ ఇక్కడే ఉండిపోతారు.

కొలిచేది కొత్త దేశాల రేటు ఒక్కటే. హారం 17,000, లెక్కించే కాలం ఏడు రోజులు, ఏదీ మార్చం. మూడో వీడియోకు కూడా నూటికి 6 పైన నిలిస్తే ఈ తరహాను శాశ్వతంగా కొనసాగిస్తాం. 2 కిందికి దిగితే ఉలికి వచ్చిన 11ను గొడ్డలి వేడి ఖాతాలోనే రాసి, ఆ దేశాలను లెక్కల్లోంచి తీసేసి, పాత దేశాల 7,000 మంది మీదే దృష్టి పెడతాం. మధ్యలో వస్తే ఇంకో వీడియో పెట్టి చూస్తాం. ఈ హద్దులు ముందే రాసి మిత్రుడికి పంపేశాను, ఫలితం వచ్చాక బేరాలాడకుండా. మొదటి దానికి వస్తువు దొరికింది, పళ్లు అరిగి తుప్పు పట్టిన రంపం.